నోటీసును కింది నుంచి చదవండి

(వేసవి క్రీడా శిబిరం మొదటి సాయంత్రం, పిల్లలు, తల్లిదండ్రుల ముందు హాస్టల్ వార్డెన్ మాట్లాడిన మాటలు)

అందరికీ నమస్కారం. ప్రయాణం చేసి వచ్చారు, ఎండలో అలసిపోయి ఉంటారు. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, కుర్చీలు ఉన్నాయి. పిల్లలూ, మీరు కింద చాప మీదే కూర్చోండి. ఫ్యాను కిందికి జరగండి.

మీ చేతికి ఇచ్చిన కాగితంలో హాస్టల్ నియమాలున్నాయి. ఇదే కాగితం భోజనాల హాల్ తలుపు పక్కన కూడా అంటించి ఉంది. అందరూ మొదటి లైను నుంచి చదువుతారు. పొద్దున 5:00 గంటలకు గంట కొడతారు అని మొదలవుతుంది, రాత్రి లైట్లు ఆర్పడంతో అయిపోతుంది. నేను మాత్రం చివరి లైను నుంచి చదవమంటాను. ఎందుకంటే మేము ఈ నోటీసు రాసింది ఆ వరసలోనే. ముందు నిద్ర ఎంత కావాలో లెక్క వేసుకున్నాం. తర్వాత మిగతావన్నీ దాని చుట్టూ సర్దాం.

ఆ లెక్క చెప్తాను. మే నెలలో మన దగ్గర పొద్దున ఎనిమిది దాటితే గ్రౌండ్‌లో పిల్లల్ని పరిగెత్తించడం మంచిది కాదు. అందుకే 5:30కి గ్రౌండ్‌లో ఉండాలి, 7:45కి నీడలోకి వచ్చేయాలి. 5:30కి అక్కడ ఉండాలంటే 5:00కి లేవాలి. దీన్ని ఇంకా ఆలస్యం చెయ్యడానికి వీల్లేదు, ఎండ మన మాట వినదు. కాబట్టి జరపగలిగింది రాత్రి పడుకునే వేళ ఒక్కటే. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకు రోజుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యులు చెప్తారు. పన్నెండేళ్లలోపు వాళ్లకు కనీసం తొమ్మిది గంటలు. అది మామూలు పిల్లలకు చెప్పిన లెక్క. మీ పిల్లలు రోజూ మూడున్నర గంటలు పైగా గ్రౌండ్‌లో ఉంటారు.

పెద్దపిల్లలకు, అంటే పద్నాలుగు నుంచి పదహారేళ్ల వాళ్లకు, 9:15కి లైట్లు ఆర్పుతాం. 5:00 దాకా ఏడు గంటల ముప్పావు. పడుకోగానే నిద్ర పట్టదు కదా, ఇరవై నిమిషాలు తీసేయండి. ఏడు గంటల ఇరవై అయిదు నిమిషాలు మిగిలింది. ఇది చాలదు. అందుకే మధ్యాహ్నం భోజనం తర్వాత 1:15 నుంచి 2:30 దాకా విశ్రాంతి పెట్టాం. అందులో గంట నిద్ర పట్టినా మొత్తం ఎనిమిదిన్నరకు దగ్గరవుతుంది. చిన్నపిల్లలకు 8:45కే లైట్లు ఆర్పుతాం, వాళ్ల లెక్క తొమ్మిది గంటల దగ్గరికి వస్తుంది. చూశారా, ఎక్కడా పెద్దగా వెసులుబాటు లేదు. రోజుకు ముప్పావు గంట పోయిందంటే ఆరు రోజులకు నాలుగున్నర గంటలు పోయినట్టే. సగం రాత్రి నిద్ర కన్నా ఎక్కువ.

మధ్యాహ్నం 2:30కి ఎందుకు లేపుతారు, ఇంకాసేపు పడుకోనివ్వొచ్చు కదా అని ప్రతి శిబిరంలోనూ ఎవరో ఒకరు అడుగుతారు. నాలుగు దాకా పడుకున్న పిల్లకు రాత్రి పదకొండైనా నిద్ర రాదు. పక్క మంచం అమ్మాయిని లేపుతుంది, ఇద్దరూ కబుర్లు మొదలుపెడతారు. మర్నాడు పొద్దున ఇద్దరూ తూలుతూ వస్తారు. అందుకే లేపుతాం.

దినచర్యలో మిగతావి కాగితంలో ఉన్నాయి, చదువుకోండి. ఒక్కటి మాత్రం చెప్పాలి. 5:00కి గంట కొట్టగానే లేచి నిలబడొద్దు. మంచం మీద అలాగే పడుకుని, మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టి, నిమిషం పాటు నాడి లెక్కపెట్టాలి. మంచం తలవైపు తగిలించిన కార్డు మీద ఆ అంకె రాయాలి. రేపు పొద్దున అక్కలు, అన్నలు నేర్పిస్తారు. మొదటి నాలుగైదు రోజులకు ఎవరి అంకె ఎంతో తెలుస్తుంది. ఒకరికి 60 ఉంటుంది, ఒకరికి 76 ఉంటుంది, ఒకరితో ఒకరిని పోల్చకూడదు. ఎవరి అంకె వాళ్లకే ఎనిమిది, పది పెరిగితే ఆ రోజు ఆ పిల్లవాడితో మాట్లాడతాం. జ్వరం వస్తూ ఉండొచ్చు, ముందురోజు నీళ్లు సరిగ్గా తాగకపోయి ఉండొచ్చు, ఏదైనా దిగులు ఉండొచ్చు, నిద్ర పోకపోయి ఉండొచ్చు. అంకె కారణం చెప్పదు, అడగమని మాత్రం చెప్తుంది.

ఇక్కడ ఒక పిల్లవాడి సంగతి చెప్తాను, పేరు చెప్పను. పదిహేనేళ్లవాడు, లాంగ్ జంప్. వాడి నాడి రోజూ 62, 64 మధ్య ఉండేది. ఎనిమిదో రోజు 74 వచ్చింది, తొమ్మిదో రోజు 73. జ్వరం చూశాం, లేదు. మంచినీళ్లు బాగానే తాగుతున్నాడు. గ్రౌండ్‌లో కోచ్ గారు గమనించింది ఇంకొకటి. వాడి అడుగు బోర్డు మీద సరిగ్గా పడడం లేదు, పదిసార్లు దూకితే ఆరుసార్లు ఫౌల్. రన్నప్ అడుగుల లెక్క వాడికి బాగా వచ్చు, అయినా తప్పుతోంది. పదో రోజు సాయంత్రం కాలు మడతపడి చీలమండ బెణికింది. బ్యాండేజీ కట్టి, బూటు సర్దుదామని వాడి కిట్ బ్యాగ్ తీస్తే, స్పైక్స్ లోపల సాక్సులో చుట్టిన రెండో ఫోను దొరికింది. ఒక ఫోను మాకు అప్పగించాడు, ఇది దాచుకున్నాడు. దుప్పటి కప్పుకుని రాత్రి పన్నెండున్నర దాకా గేమ్ ఆడేవాడినని వాడే చెప్పాడు.

నిద్ర లేకపోవడం వల్లే కాలు బెణికిందని నేను రుజువు చెయ్యలేను. కానీ లాస్ ఏంజిలిస్‌లో ఒక స్కూల్లో ఆటలాడే 112 మంది పిల్లల్ని అడిగి చూసి 2014లో ఒక అధ్యయనం ప్రచురించారు. సగటున ఎనిమిది గంటలకన్నా తక్కువ పడుకున్నామని చెప్పినవాళ్లకు గాయాలయ్యే అవకాశం మిగతావాళ్ల కన్నా 1.7 రెట్లు ఉంది. ఒక్క స్కూలు, పిల్లలు నోటితో చెప్పిన లెక్క, అంతవరకే అది. అయినా ఆ పిల్లవాడి కార్డు మీద ఆ రెండు అంకెలు నా కళ్లముందే ఉన్నాయి. ఎనిమిదో రోజే నేను వాడి పక్కన కూర్చుని అడిగి ఉండాల్సింది. జ్వరం లేదని వదిలేశాను. అప్పటి నుంచి పొద్దున కార్డులు నేనే తిరిగి చూస్తున్నాను.

ఇక ఫోన్ల విషయం. మీ పిల్లల ఫోన్లు మా దగ్గరే ఉంటాయి. పేరు రాసిన జిప్ కవర్లో పెట్టి, రిజిస్టర్లో సంతకం చేయించి, ఆఫీసు బీరువాలో పెడతాం. రాత్రి భోజనానికి ముందు, 6:45 నుంచి 7:15 దాకా అరగంట ఇస్తాం. వరండాలోనే మాట్లాడాలి. గదుల్లోకి, స్నానాల గదుల వైపు తీసుకెళ్లకూడదు. మేము పెద్దవాళ్లం కూడా ఆ వైపు ఫోను తీసుకెళ్లం. కెమెరా ఎవరి చేతిలో ఉన్నా కెమెరానే.

భోజనం అయ్యాక, పడుకునే ముందు మాట్లాడనివ్వొచ్చు కదా అని చాలామంది తల్లులు అడుగుతారు. మొదట్లో మేమూ అలాగే ఇచ్చేవాళ్లం, 8:30కి. ఇల్లు గుర్తొచ్చి ఏడుపు వచ్చేది ఎక్కువగా చీకటి పడ్డాకే. పగలంతా ఆటలో పడి మర్చిపోతారు. సరిగ్గా పడుకునే ముందు అమ్మ గొంతు వినిపిస్తే అరగంటలో ఏడుపు మొదలు. ఒకరు ఏడిస్తే గదిలో ఎనిమిది మందికీ అంటుకుంటుంది. అందుకే భోజనానికి ముందుకు జరిపాం. ఫోను పెట్టేసి ఏడ్చినా, తర్వాత అందరితో కలిసి కూర్చుని అన్నం తింటారు. మనసు కుదుటపడడానికి రెండు గంటలు దొరుకుతాయి.

అమ్మలకు, నాన్నలకు ఇక్కడ నా విన్నపం ఒకటుంది. మూడో రోజో నాలుగో రోజో మీ పిల్ల ఫోనులో ఏడుస్తుంది. దాదాపు ఖాయం. అప్పుడు మీ నోటి నుంచి రాకూడని మాట ఒకటుంది. "ఏడవకు తల్లీ, ఆదివారం వచ్చి తీసుకెళ్లిపోతాలే." ఆ మాట ప్రేమతోనే అంటారు, నాకు తెలుసు. కానీ ఆ క్షణం నుంచి ఆ పిల్ల ఇక్కడ ఉండదు. ఆదివారం కోసం కూర్చుంటుంది. పక్కమంచం అమ్మాయితో స్నేహం చెయ్యదు, కొత్త అడుగు నేర్చుకోదు, అన్నం సగం వదిలేస్తుంది. తీరా ఆదివారం మీరు వచ్చి "ఇంకో వారమే కదా" అంటే, మీ మాట మీద నమ్మకం కూడా పోతుంది. దానికి బదులు అడగండి. ఈ రోజు ఏం తిన్నావు, మీ గదిలో ఎవరెవరు ఉన్నారు, కోచ్ ఏం చెప్పారు అని. చెప్తూ చెప్తూ సగం ఏడుపు ఆగిపోతుంది. ఫోను పెట్టేశాక నాకు చెయ్యండి, పిల్ల ఏడ్చిందని చెప్పండి. ఆ రాత్రి పక్కన కూర్చునే మనిషి ఉంటుంది. నాలుగైదు రోజులైనా తిండి తినకుండా, నిద్ర పోకుండా ఉంటే మేమే మిమ్మల్ని పిలుస్తాం. అలాంటి పిల్లను పట్టుబట్టి ఉంచం.

ఇంట్లో ఏదైనా అత్యవసరం వస్తే అరగంట కోసం ఆగక్కర్లేదు. కాగితం చివర రెండు నంబర్లున్నాయి, అర్ధరాత్రైనా ఎత్తుతాం.

పిల్లలూ, ఇప్పుడు చెప్పేది మీకు. కాస్త దగ్గరికి జరగండి. ఫోను తీసేసుకున్న హాస్టల్లో పిల్లలకు బయటి ప్రపంచంతో దారి మూసుకుపోతుంది. ఆ దారి ఒకటి తెరిచి ఉంచకపోతే మా ఫోను నియమం మంచిది కాదు. అందుకే భోజనాల హాల్ బయట గోడకు ఒక ఫోను పెట్టాం. దాని మీద 1098 అని పెద్దగా రాసి ఉంది. అది పిల్లల హెల్ప్‌లైన్. డబ్బులు పడవు, రాత్రీ పగలూ పని చేస్తుంది. ఎవరైనా మిమ్మల్ని తాకకూడని చోట తాకినా, ఒంటరిగా గదికి రమ్మన్నా, కొట్టినా, ఫొటోలు తీసినా, ఆ ఫోను ఎత్తండి. ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆ మనిషి కోచ్ అయినా, సీనియర్ అయినా, నేనైనా సరే. ఎందుకు చేశావని మిమ్మల్ని ఎవ్వరూ అడగరు.

పెద్దవాళ్లకు ఒక మాట. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగొచ్చని అనుమానం వచ్చినా పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం అంటుంది. లోపల మాట్లాడి సర్దుకుందాం అనే దారి చట్టంలో లేదు. ఇక్కడ పనిచేసే ప్రతి ఒక్కరితో, వంటవాళ్లు, వాచ్‌మన్‌తో సహా, ఈ సంగతి చదివించి సంతకం తీసుకున్నాం. ఏ కోచ్ కూడా ఒక పిల్లతో తలుపు మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. ఫిజియో చూసేటప్పుడు కూడా రెండో మనిషి ఉంటారు.

లైట్లు ఆర్పడం గురించి. ఆర్పుతాం అంటే గదుల్లో మాత్రమే. వరండాలో చిన్న బల్బు, బాత్రూముల్లో లైట్లు తెల్లవార్లూ వెలుగుతాయి. చీకటికి భయపడి బాత్రూముకు వెళ్లకుండా బిగబట్టుకుని పడుకునే పిల్లలుంటారు, వాళ్ల కోసం. ఆర్పిన పావుగంటకు ఒకసారి, పదకొండుకు ఒకసారి అమ్మాయిల వైపు నేను, అబ్బాయిల వైపు వార్డెన్ సార్ తిరుగుతాం. టార్చి నేల మీదే వేస్తాం, ముఖాల మీద వెయ్యం.

కొత్తచోట మొదటి రాత్రి ఎవరికీ సరిగ్గా నిద్ర పట్టదు. అది తప్పు కాదు. అరగంటైనా నిద్ర రాకపోతే మంచం మీద దొర్లుతూ పక్కవాళ్లను పిలవొద్దు. లేచి వరండాలోకి రండి. అక్కడ ఒక అక్క ఉంటుంది. కాసేపు కూర్చుని, నీళ్లు తాగి, మళ్లీ వెళ్లి పడుకోండి.

లైట్లు ఆర్పాక అల్లరి చేస్తే శిక్ష ఏమిటని అడుగుతారు. కొన్ని చోట్ల పొద్దున నాలుగున్నరకు లేపి గ్రౌండ్ చుట్టూ పది రౌండ్లు కొట్టిస్తారు. ఇక్కడ ఆ పని చెయ్యం. నిద్ర పోలేదని ఇంకాస్త నిద్ర తీసేస్తే నష్టం ఎవరికి? పైగా పరుగును శిక్షగా వాడితే, రేపు అదే పరుగును ఇష్టంగా పరిగెత్తమని ఎలా చెప్తాం? అల్లరి చేసిన పిల్ల మర్నాడు చిన్నపిల్లలతో పాటు 8:45కే పడుకోవాలి. పెద్దపిల్లలకు దాని కన్నా కష్టమైన శిక్ష లేదు.

మిగిలింది చూడడానికి వచ్చేవాళ్ల సంగతి. ఆదివారం సాయంత్రం ప్రాక్టీసు ఉండదు, 3:30 నుంచి 5:30 దాకా రావచ్చు. వేపచెట్టు కింద బెంచీలు వేస్తాం. గదుల్లోకి ఎవరూ రాకూడదు, అమ్మలు కూడా. మీ పిల్లతో పాటు ఇంకో ఏడుగురు పిల్లలు ఆ గదిలో బట్టలు మార్చుకుంటూ ఉంటారు.

ఫారంలో ముగ్గురి పేర్లు, ఫొటోలు అడిగాం. ఆ ముగ్గురిలో లేనివాళ్లు వస్తే గేటు దగ్గర నుంచే పంపించేస్తాం. "నేను సొంత మేనమామని, నన్నే ఆపుతారా" అని కోపం వస్తుంది. మన దగ్గర ప్రతి ఒక్కరూ బాబాయో, మామయ్యో, అన్నయ్యో అవుతారు. పిలుపును బట్టి పిల్లను అప్పగించలేం. ఒకసారి ఒకాయన వచ్చి, వాళ్ల నాన్న పంపించాడు, ఊళ్లో పెళ్లి ఉంది, తీసుకెళ్తాను అన్నాడు. పిల్లవాణ్ణి పిలిచి అడిగితే "మా బాబాయే మేడమ్" అని ఎగిరి గంతేశాడు. నిజంగా బాబాయే. ఆయన తన ఫోనులో ఒక నంబరు కలిపి, ఇదిగో వాళ్ల నాన్నతో మాట్లాడండి అని నా చేతికిచ్చాడు. నేను ఆ ఫోను తీసుకోలేదు. ఫారంలో ఉన్న నంబరుకు నేనే చేశాను, వాళ్లమ్మ ఎత్తింది. పెళ్లి లేదు, ఏమీ లేదు. అమ్మకూ నాన్నకూ కోర్టులో కేసు నడుస్తోంది, బాబు అమ్మ దగ్గర ఉండాలని ఉంది. గేటు దగ్గర ఆయన గంటసేపు అరిచాడు, వెళ్లిపోయాడు. పిల్లవాడు గుర్తుపట్టాడా లేదా అన్నది సరిపోదని ఆ రోజు నాకు అర్థమైంది. ఎవరు అడుగుతున్నారో వాళ్లిచ్చిన నంబరుకు కాదు, మన దగ్గర ముందే రాసిపెట్టుకున్న నంబరుకు చెయ్యాలి. మీ ఇంట్లో అలాంటి కోర్టు ఉత్తర్వు ఏదైనా ఉంటే, దయచేసి ఈ రోజే చెవిలో వేసి వెళ్లండి. బయటికి పొక్కదు.

తిండి గురించి కూడా చెప్పి ముగిస్తాను. బిడ్డ కోసం వండుకుని రావాలని ఏ తల్లికైనా ఉంటుంది. ఒక ఆదివారం ఒక కుటుంబం బగారా అన్నం, కోడికూర తెచ్చారు. పొద్దున అయిదింటికి వండి, వేడివేడిగా డబ్బాల్లో పెట్టి, రెండు బస్సులు మారి వచ్చారు. సాయంత్రం నాలుగున్నరకు మూత తీశారు. పదకొండున్నర గంటలు, మే నెల ఎండ. వాసన రాలేదు, రుచి మారలేదు. తమ పిల్లతో పాటు గదిలో పిల్లలందరికీ ప్రేమగా పెట్టారు. రాత్రి ఎనిమిదికి వాంతులు మొదలయ్యాయి, ఆరుగురికి. డాక్టర్ గారు వివరంగా చెప్పారు. వండినా చావని ఒక రకం సూక్ష్మజీవి బియ్యంలో ఉంటుంది. అన్నం గంటల తరబడి గోరువెచ్చగా ఉంటే అది పెరిగి విషం తయారుచేస్తుంది. మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. మర్నాడు ఆ ఆరుగురూ గ్రౌండ్‌కు రాలేదు, మూడు రోజులు ఓఆర్‌ఎస్, పెరుగన్నం మీద ఉన్నారు.

అందుకని వండిన అన్నం, కూరలు, పాలతో చేసిన స్వీట్లు గేటు లోపలికి రావు. సున్నుండలు, సకినాలు, చెక్కలు, పల్లీపట్టి, తొక్క తీసి తినే పండ్లు తీసుకురండి, నలుగురికీ సరిపడా తెస్తే ఇంకా సంతోషం.

ఎవరైనా అడగాలనుకుంటే అడగండి.

(మందుల గురించి ఒక తండ్రి అడిగారు.)

మంచి ప్రశ్న, నేను మర్చిపోయాను. మీరు తెచ్చిన మాత్రలు, డాక్టర్ చీటీ రెండూ నాకివ్వండి, వేళకు నేనే వేయిస్తాను. ఒక్క ఇన్హేలర్ మాత్రం నా దగ్గర పెట్టుకోను. ఆయాసం వచ్చే పిల్ల ఇన్హేలర్ ఆ పిల్ల జేబులోనే ఉండాలి, గ్రౌండ్‌లో కూడా. చీటీ కాపీ చాలు నాకు. దగ్గు మందులు, బలానికి అంటూ అమ్మే పొడులు సొంతంగా పంపొద్దు. పోటీలకు వెళ్లే పిల్లలకు డోపింగ్ పరీక్షలో దొరికే మందు కొన్ని దగ్గు సిరప్‌లలోనే ఉంటుంది.

(అమ్మాయిలకు నెలసరి వస్తే ఎలా అని ఒక తల్లి అడిగారు.)

నాకు గానీ, వరండాలో ఉండే అక్కకు గానీ చెప్తే చాలమ్మా. ప్యాడ్లు బాత్రూము బయట అలమరలో ఉంటాయి, అడగకుండా తీసుకోవచ్చు. కడుపునొప్పి ఉంటే ఆ పూట ప్రాక్టీసు తగ్గిస్తాం. కోచ్‌కు కారణం చెప్పాల్సిన పని పిల్లకు లేదు, నేను చెప్తాను.

ఇంకెవరూ లేరా? సరే. వరండాలో రెండు బల్లలున్నాయి. ఎడమవైపు బల్ల దగ్గర ఫోన్లు కవర్లో పెట్టి సంతకం చెయ్యండి. రెండో ఫోను ఉన్నవాళ్లు అది కూడా ఇప్పుడే ఇవ్వండి, ఈ రోజు ఇస్తే నేను ఒక్క మాట కూడా అనను. కుడివైపు బల్ల దగ్గర పెద్దవాళ్లు ఆ మూడు పేర్లు రాసి ఫొటోలు అంటించండి. తల్లిదండ్రులు 6:30కి బయల్దేరాలి, బస్టాండు దాకా మా వ్యాను వస్తుంది. పిల్లలకు 7:30కి భోజనం, చిన్నవాళ్లకు 8:45కి లైట్లు ఆర్పుతాం.